ఆ ఇంట్లో మొదట నీళ్ళడగాలి

హార్స్లీ కొండ మీద పొద్దుటి మంచు నేను మొదటిసారి చూసింది తొమ్మిదో తరగతిలో. బడివాళ్ళు బస్సులో తీసుకుపోయారు. మలుపు తిరిగినకొద్దీ చలి పెరిగింది, నీలగిరి చెట్ల వాసన కిటికీలోంచి లోపలికొచ్చింది. పైకి చేరేసరికి కింద ఊళ్ళు లేవు, దారి లేదు, మేమొచ్చిన బస్సు కూడా సగమే ఉంది. ఉతికి ఆరేసిన తెల్ల పంచె వెనక నిలబడినట్టుంది. ఆ తెలుపులో ఎవరో టీ కాస్తున్నారు. మనిషి కనబడలేదు, పాలు పొంగే వాసన మాత్రం వచ్చింది. వేడి గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, పెద్దయ్యాక నేనిక్కడే ఉంటాను అనుకున్నాను. పక్కనున్న పిల్లలకు చెబితే నవ్వారు. అసలే నాకు ముక్కు మీద కోపం, తిరిగొచ్చేదాకా వాళ్ళతో మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి నా బుర్రలో ఒక హోటలు పెరుగుతూ వచ్చింది. చిన్నదే. మూడు వైపులా అద్దాలు. బయట మంచు, లోపల పొయ్యి. రాగి సంగటి, ఊరుబిండి, చలికి మిరియాల చారు. బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళు శాలువాలు కప్పుకుని కూర్చుంటారు, ఎవరూ గట్టిగా మాట్లాడరు. గల్లాపెట్టె దగ్గర నేను. ఇంటరులో పాఠం వింటూ ఆ గోడలకు రంగులు మార్చేదాన్ని. తర్వాత కుప్పంలో పని చేసినన్నాళ్ళూ, కళ్ళు మూతపడే ముందు ఒకసారి ఆ అద్దాలు తుడిచి పడుకునేదాన్ని.

కుప్పం సంగతి చెప్పాలి. తొంభైల చివర్లో, మా చిన్నాన్న వాళ్ళ ఊరి దగ్గర ఒక తోట ఉండేది. సన్న పైపుల్లో చుక్క చుక్కగా నీళ్ళు పారించి పంట ఎట్లా తీయొచ్చో రైతులకు చూపించే తోట అది. నన్ను నారు షెడ్డులో వేశారు. ప్లాస్టిక్ ట్రేల గుంతల్లో కొబ్బరి పొట్టు నింపాలి, గుంతకొక గింజ వేయాలి, మొలక తల ఎత్తేదాకా ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి కప్పి ఉంచాలి. తెల్లదోమ దూరకుండా వల తలుపు వెంటనే మూయాలి. దోమ దూరిందంటే ఆకుముడత, ఇక ఆ నారు పారబొయ్యాల్సిందే. నాటేముందు కొన్నాళ్ళు నీళ్ళు తగ్గించి మొక్కను కాస్త మొరటు చేయాలి. ఇవన్నీ నాకు వచ్చాయి, కానీ ఇష్టంగా రాలేదు. చుట్టుపక్కల పల్లెల నుంచి, మా పుంగనూరు వైపు నుంచి కూడా రైతులు బస్సులు కట్టుకుని చూడ్డానికి వచ్చేవాళ్ళు. వాళ్ళు అడిగిందే అడుగుతుంటే నేను చెప్పిందే చెప్పేదాన్ని. పెళ్ళి కుదిరి ఆ పని మానేసిన రోజు గోళ్ళ సందుల్లోంచి కొబ్బరి పొట్టు పోయేదాకా చేతులు రుద్ది కడుక్కున్నాను.

మా మేనత్త కొడుకునే చేసుకున్నాను. బావ మదనపల్లె దగ్గర నూలు మిల్లులో పని చేసేవాడు. గాలి పొడిగా ఉంటే నూలు తెగిపోతుంది, అందుకని మిల్లు లోపల ఎప్పుడూ తేమ ఉండాలి. ఆ తేమ కోసం సన్నని తుంపర కొట్టే పంపులు, నాజిళ్ళు ఉంటాయి. వాటిని చూసుకోవడం బావ ఉద్యోగం. టమోటా మార్కెట్టుకు పోయే దారిలో ఒక మిద్దెలో అద్దెకుండేవాళ్ళం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ మిల్లు మూతపడింది. బావ ఇంటికొచ్చి టిఫిను క్యారియరు కడిగి బోర్లించి, ఇక దీంతో పని లేదు అన్నాడు.

అప్పుడు మా ఇంట్లో రెండు కలలు కొట్టుకున్నాయి. నాది హోటలు. బావది ఇంటర్నెట్టు సెంటరు. ఊళ్ళో అప్పుడే ఒకటీ రెండూ లేచాయి. అద్దాల తలుపు, చల్లటి గది, వరసగా కంప్యూటర్లు, పిల్లలు గుమ్మం దగ్గర వరస కట్టి ఉంటారు. దాని ముందు నుంచి పోయిన ప్రతిసారీ బావ నడక నెమ్మదించేది. బస్టాండు దగ్గర ఒక గది కూడా చూసిపెట్టుకున్నాడు. దేనికైనా బ్యాంకు అప్పు కావాలి, బ్యాంకుకు పత్రాలు కావాలి. మాకున్న ఆస్తి ఏమీ లేదు. పత్రాలున్నది మా పెద్దమ్మ దగ్గర.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పిల్లలు లేరు, పెద్దనాన్న పోయాక పుట్టినూరికి వచ్చేసింది. పుంగనూరు దగ్గర పల్లెలో గొర్రెలు మేపి, మేపి, ఒక తోట కొనుక్కుంది. ఆ తోటలో ఒక బోరు. ఊళ్ళో బావులన్నీ అడుగంటిన ఏడు కూడా ఆ బోరు పోసింది. తన తర్వాత తోట నాదేనని అందరికీ చెప్పేది. అదే పెద్దమ్మ తిండి, అదే ఆమె ముసలితనం. ఆ తోట తనఖా పెట్టి మేము తప్పు పని ఎత్తుకుంటే మేము బజారున పడతాం సరే, ఆమె కూడా పడుతుంది. ఈ సంగతి బస్సులో పుంగనూరు పోతున్నంతసేపూ నాకు తెలుసు. అయినా బావతో పోట్లాడుతూనే ఉన్నాను, హోటలా, ఇంటర్నెట్టా అని.

పెద్దమ్మ గొర్రె ఒకదాన్ని కాళ్ళ మధ్య ఇరికించుకుని దాని చెవుల్లో నెత్తురు తాగే గోమార్లు తీస్తోంది. ఆమె ముందు కూర్చుని నేను అద్దాల గురించి చెప్పాను, బావ కంప్యూటర్ల గురించి చెప్పాడు. ఇద్దరం ఒకేసారి చెప్పాం.

"గమ్మునుండండి ఇద్దురూ," అంది పెద్దమ్మ. "పిల్లోడు ఎర్రగుండాడు, బుర్రగుండాడు అని సెప్తాండారు, అంతే గదా. ఇల్లు సూసినారా?"

"యా ఇల్లు పెద్దమ్మా?"

"మీరు సేసుకోబోయే పని ఇల్లు. పిల్లోని మొగం సూసి పిల్లనిస్తారా యాడన్నా?"

మా వైపు ఇల్లు చూసే ఆచారం గట్టిది. పిల్ల నచ్చిందని అబ్బాయి వాళ్ళు కబురు పెడితే చాలదు. తాంబూలాలు మార్చుకోకముందే పిల్ల తరఫువాళ్ళు అబ్బాయి ఇంటికి పోవాలి. మగవాళ్ళు మంచం మీద కూర్చుని వానల గురించి మాట్లాడుతుంటే, ఆడవాళ్ళు వంటింట్లోకి, పశువుల కొట్టంలోకి పోయి అన్నీ చూస్తారు. పక్కింట్లో చింతపండు అడిగే నెపంతో వీళ్ళ సంగతి విచారిస్తారు. ఇల్లు చూసొచ్చి వద్దనుకున్న సంబంధాలు మా ఊళ్ళో ఎన్నో. మా చుట్టాల్లో ఎవరింట ఇల్లు చూపులున్నా పెద్దమ్మ ముందుండేది. ఎందుకంత పట్టుదలో మేమెవ్వరం అడగలేదు.

"పోతానే నీళ్ళడగండి," అంది. "ఇచ్చే తీరు సూడండి. పొద్దు మునిగేదంకా ఆడే కూసోండి. ఆ ఇంటికి ఏదన్నా కష్టమొస్తే ఎవురు పరిగెత్తుకోనొస్తారో సూడండి. అట్లాంటి మనిషి మనకుండాడా అని మీరే అడుక్కోండి. ఉండాడంటే రాండి, పత్రాలు ఇస్తా. నేనేమీ అడ్డం పడను."

బావకు నవ్వొచ్చింది. నాకు చిరాకొచ్చింది. హోటలుకు ఇల్లు చూపులేంటి? కానీ పత్రాలు ఆమె ట్రంకు పెట్టెలో ఉన్నాయి కదా, సరేనన్నాం.

బావ మొదట పోయాడు. ఊళ్ళో ఇంటర్నెట్టు సెంటరు నడిపే కుర్రవాడు మిల్లులో పనిచేసినవాళ్ళ అబ్బాయే. ఒక రోజంతా కూర్చుంటానంటే కూర్చోమన్నాడు. బావ దీపాలు పెట్టే వేళకు ఇంటికొచ్చాడు. ముఖం చూస్తే నాకే జాలేసింది.

"నీళ్ళడిగినావా బావా?"

"అడిగినా. కూల్‌డ్రింకే తెప్పించినాడు పాపం. మంచోడు."

"మరి?"

"మద్దేన్నం లైను పోయింది. పిల్లోల్లంతా లేసి నిలబడినారు. ఆ యబ్బి కంగారు పల్లేదు. బెంగుళూరులో వాళ్ళ బావమరిదికి ఫోను కొట్టినాడు. ఆయన కంప్యూటర్ల కంపెనీలోనే ఉండాడంట. ఆడ నుంచే సెప్తా పోయినాడు, ఈ యబ్బి నొక్కతా పోయినాడు. సరిపోయింది. సాయంత్రం ఒక మిషను సచ్చిపోతే, ఆ బావమరిది రేపు బస్సులో ఇంకోటి పంపిస్తానన్నాడు, డబ్బులు మెల్లగా ఇమ్మన్నాడు." బావ చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. "నాకుండేది ఒకే బావమరిది. మీ తమ్ముడు. వాడు గొర్రెలు కాస్తాడు."

నేను నవ్వాను. నవ్వకూడదని తెలుసు, అయినా ఆగలేదు. బావ కూడా కాసేపటికి నవ్వాడు. బస్టాండు దగ్గర గది వాళ్ళకు వద్దని చెప్పడానికి మరునాడు తనే పోయాడు, నన్ను రమ్మనలేదు.

ఇక నా వంతు. మాఘమాసంలో ఒక ఉదయం ఇద్దరం మొదటి బస్సుకు కొండెక్కాం. మలుపు తిరిగినకొద్దీ కిటికీలోంచి ఆ పాత తెలుపు కోసం చూశాను. కానీ ఆ రోజు మంచు లేదు. రెండేళ్ళుగా వానలు సరిగ్గా లేవు. కొండ అంచున నిలబడితే కింద ఎండిన చేలు, ఖాళీ చెరువులు, తెల్లటి దారులు అన్నీ తేటగా కనిపించాయి. అంత తేటగా చూడాలని నేనెప్పుడూ కోరుకోలేదు.

మలుపు దగ్గర ఒకావిడ టీ అంగడి పెట్టుకుని ఉంది. రేకుల కప్పు, రెండు బెంచీలు. నా బుర్రలో ఉన్నదాంట్లో ఆ పొయ్యి ఒక్కటే నిజంగా ఉంది. పోగానే నీళ్ళడిగాను. ఆవిడ డ్రమ్ము మూత తీసి, లోపలికి తొంగి చూసి, అరగ్లాసు ముంచి ఇచ్చింది.

"ఏమనుకోవద్దమ్మా, కింద నుంచి జీపులో రావల్ల నీళ్ళు. టీ కావల్లంటే ఎంతన్నా తాగు," అంది.

టీ తాగాం. ఊరికే చూసిపోదామని వచ్చామని చెప్పి బెంచీ మీద కూర్చున్నాం. పొద్దెక్కింది. జీపు డ్రైవరు వచ్చి, మధ్యాహ్నం ఒక బస్సు జనం వస్తున్నారని చెప్పిపోయాడు. అతను ఆవిడ చిన్నాయన కొడుకట. అతిథి గృహం కాపలా మనిషి వచ్చి, ఎంతమందికి అన్నం కావాలో చెప్పాడు. అతను వాళ్ళ ఊరివాడు. ఫారెస్టు వాళ్ళు కట్టెల గురించి అడగడానికి వస్తే, ఆవిడ ఇంటాయన పేరు చెప్పగానే నవ్వి టీ తాగిపోయారు. ఇంటాయన ఒకప్పుడు ఫారెస్టు వాళ్ళ దగ్గరే కూలీగా మొక్కలు నాటిన మనిషి. బస్సు రానే వచ్చింది. ఆవిడ ఒక్క కేక వేస్తే ఎక్కడినుంచో ఇద్దరు ఆడవాళ్ళొచ్చి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టారు. ఆ కొండ మీద స్థలం ఎవరు పడితే వాళ్ళు కొనడానికి లేదని కూడా అప్పుడే తెలిసింది. అంగడి పెట్టుకోవాలంటే ఎవరినడగాలో, ఎవరు ఊ అంటే ఎవరు ఊ అంటారో, ఆవిడకు మాటల్లో దొర్లిపోతోంది. నేను కేక వేస్తే ఆ కొండ మీద ఎవరొస్తారు? బావ వస్తాడు, పక్కనే ఉన్నాడు కాబట్టి.

నాకు ఏడుపొచ్చింది. అది కనబడకూడదని అంగడి వెనక్కి పోయాను. అక్కడ పగిలిన తట్టలో ఆవిడ మిరప నారు పోసుకుంది. మొదళ్ళ దగ్గర నల్లబడి, నారు పక్కకు వాలిపోతోంది. నాకు తెలియకుండానే గొంతుక్కూర్చున్నాను. వేలు పెట్టి చూస్తే అడుగున బురద. మంచి నీళ్ళకు కరువైన కొండ మీద, గిన్నెలు కడిగిన నీళ్ళన్నీ ఆ తట్టలోనే పోస్తున్నట్టుంది. తట్ట అడుగున కన్నాలు పొడిచాను, చచ్చినవి పీకేశాను, పొయ్యి పక్కనున్న ఇసుక తెచ్చి కలిపాను, ఒత్తుగా ఉన్నచోట పలచన చేశాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. గోళ్ళ సందుల్లోకి మట్టి పోయింది. ఏడుపు ఆగిపోయింది. బావ వెతుక్కుంటూ వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఇల్లు సూసేకొచ్చి పెరట్లో కూసున్నావేమే?"

దిగే బస్సు సగం మలుపులు దాటింది. చివరికి బావ, "దూరపు కొండలు నునుపంటారు. నువ్వు దగ్గరికి పోయి సూసినావు, అదే మేలు," అన్నాడు. ఓదార్పు కోసమే అన్నాడు. నేను మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళు నేను మంచిదాన్ని కాదు. పప్పు మాడ్చాను, పక్కింటివాళ్ళతో నీళ్ళ వంతు దగ్గర గొడవపడ్డాను. పదమూడేళ్ళ వయసు నుంచి తుడుచుకున్న అద్దాలు పగిలిపోతే ఊరుకుంటానా? రాత్రి పడుకునే ముందు కళ్ళు మూసుకుంటే ఏమీ ఉండేది కాదు, రేకుల కప్పూ, అరగ్లాసు నీళ్ళూ తప్ప.

మా ఇల్లు మార్కెట్టు దారిలో కదా. సరుకు దించి వెనక్కి పోతున్న రైతులు పొద్దున్నే మా గుమ్మంలో ఆగడం మామూలే. కుప్పం తోటలో నన్ను చూసినవాళ్ళు కొందరు, వాళ్ళు చెబితే వచ్చేవాళ్ళు ఇంకొందరు, మా నాన్న వైపు చుట్టాలు మరికొందరు. తడిగుడ్డలో చుట్టిన టమోటా నారు విప్పి, ఇదెందుకిట్లా అయ్యింది తల్లీ అని అడిగేవాళ్ళు. పెళ్ళయి మదనపల్లెకు వచ్చినప్పటినుంచీ అదొక తంతు. హైబ్రిడ్ విత్తనం ఖరీదు, నారుమడిలో సగం పోతే వాళ్ళ బాధ వాళ్ళది. నేను విసుక్కుంటూనే చెప్పేదాన్ని. ఒకనాడు రామసముద్రం నుంచి ఒక ముసలి రైతు వచ్చాడు. నాకప్పుడు ఒళ్ళు మండుతోంది.

"ఏం తాతా, ఇదేమన్నా ఆసుపత్రి అనుకున్నారా? పొద్దున లేస్తే నారు, నారు, నారు. నాకింకేం పని లేదా?"

ముసలాయనకు కోపం రాలేదు. గుడ్డ మళ్ళీ చుడుతూ, "ఉంటాది తల్లీ. నువ్వు సెప్పినట్టు సేస్తే పోయినసారి బతికింది. అంగట్లో వోడు మందు సెప్తాడు, మందు అమ్మేది గదా వాని పని. నువ్వు అమ్మేదేమీ లేదు, అందుకే నీ కాడికొస్తిని," అన్నాడు. చెప్పేసి చెప్పులు వేసుకోబోయాడు.

నేను పిలిచి కూర్చోబెట్టాను. చూసి చెప్పాను. ఆయన పోయాక బావ వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.

"పెద్దమ్మ సెప్పింది ఇంగో రకంగా సూడు," అన్నాడు మెల్లగా. "కష్టమొస్తే ఎవురు పరిగెత్తుకోని యాడికి పోతారో సూడమంది గదా. వీళ్ళంతా యాడికొస్తాండారు?"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన మాట అందరికీ తెలిసిందే. కానీ ఆ పిల్ల మనకు నచ్చని పిల్లయితే? నాకు సంతోషం కలగలేదు, ఉక్రోషం వచ్చింది. మళ్ళీ కొబ్బరి పొట్టు పిసకాలా? మళ్ళీ ఆ షెడ్డులోకేనా? ఆ మాటే గట్టిగా అన్నాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నా చేతిలో ఉన్నది నాకెప్పుడూ పనిలాగే కనిపించింది, కలలా కనిపించలేదు.

కానీ కొండ మీద ఆ మిరప తట్ట ముందు నా ఏడుపు ఆగిపోవడం గుర్తొచ్చి, చివరికి ఊ అన్నాను. నారు పెంచి అమ్ముతామని పెద్దమ్మకు చెబితే ఎగిరి గంతేస్తుందనుకున్నాం. ఆమె గంతేయలేదు. "దాని ఇల్లు కూడా సూసి రాండి. తెలిసిన ఇల్లే గదా అని సూడకుంటే ఎట్లా?" అంది.

కుప్పం పోయాం. అప్పట్లో నా మీద అజమాయిషీ చేసిన సూపర్వైజరు సొంతంగా నారు పెంచి అమ్ముతున్నాడు. నీళ్ళడిగాను, చెంబు నిండా ఇచ్చాడు. సాయంత్రం దాకా కూర్చున్నాం. ఆయన లాభాలు చెప్పబోతే, నష్టాలు చెప్పమన్నాను. అప్పుడు నిజం చెప్పాడు.

"తెగులుకు భయపడాకమ్మా, అది నీకు తెలుసు. మార్కెట్టు పడిపోయినప్పుడు సూడు. నారు కావల్లని సెప్పిపోయినోడు రాడు. గుడ్డలైతే బీరువాలో పెట్టుకోవచ్చు. నారు ట్రేలోనే ముదిరిపోతాది, ఎవురికీ పనికిరాదు. ఇంగోటి, రైతు తన విత్తనం ప్యాకెట్టు మన చేతికిస్తాడు. దాన్ని మార్చేసినామని అనుమానమొచ్చిందా, మల్లీ ఆ ఊరోడెవుడూ రాడు."

ఇంటికొస్తూ దారంతా లెక్క వేసుకున్నాం. డబ్బు లెక్క కాదు, మనుషుల లెక్క. విత్తనం ప్యాకెట్టు నమ్మి మా చేతికిచ్చేవాళ్ళు ఎవరు? మా గుమ్మంలో ఆగేవాళ్ళందరూ. కరువులో నారుకు నీళ్ళెక్కడివి? పెద్దమ్మ బోరు. ఎండాకాలం మధ్యాహ్నాలు వల కింద లేత నారు సొమ్మసిల్లకుండా గాలి చల్లబరిచేదెవరు? నేను బావ వైపు చూశాను. బావ అప్పటికే బస్సు టికెట్టు వెనక పంపు బొమ్మ గీస్తున్నాడు.

పెద్దమ్మ ట్రంకు పెట్టె తెరిచింది. తోట మీద అప్పు తెచ్చి ఆ తోటలోనే వల షెడ్డు వేశాం. బావ మూతపడిన మిల్లు సామాను వేలంలో పాత నాజిళ్ళు కొనుక్కొచ్చి, బోరు నీళ్ళు వడగట్టి, కప్పు పొడవునా పైపు లాగాడు. మొదటిసారి వదిలిన రోజు నన్ను లోపల నిలబెట్టి తను బయట మీట నొక్కాడు. సన్నటి తుంపర పైనుంచి దిగింది. ట్రేలు కనబడలేదు, తలుపు కనబడలేదు. వల మీద ఎండ పడి ఆ తెలుపంతా వెలిగింది. చలి చేతుల మీద నిలబడింది. నేను తొమ్మిదో తరగతి పిల్లలా నోరు తెరుచుకుని ఉన్నాను. బయట నుంచి బావ, "సాలా, ఇంగా వదలాలా? ఎక్కువైతే మొదులు కుళ్ళుతాది అంటావు మల్లా," అంటున్నాడు. ఇంకొంచెం వదలమన్నాను. ఆ ఒక్కరోజే.

సూపర్వైజరు చెప్పిన కష్టం రెండో ఎండాకాలమే వచ్చింది. టమోటా ధర పడిపోయింది. మదనపల్లె దారి పక్కన పెట్టెలు పెట్టెలుగా పారబోశారు, ఆ పులిసిన వాసన మా ఇంట్లోకి కూడా వచ్చింది. షెడ్డు నిండా నాటడానికి సిద్ధమైన నారు. చెప్పిపోయిన రైతులు రాలేదు. గంగవరం వైపువాళ్ళ నుంచి అసలు కబురే లేదు. పెద్దమ్మ పొద్దున్నే వచ్చి షెడ్డు గుమ్మంలో కూర్చుని, ఏమీ అడగకుండా పోయేది. ఆమె ఏమన్నా అంటే బాగుండేది. తోట పోతుందేమోనని నాకు అన్నం దిగలేదు.

బావా నేనూ ఇద్దరం పల్లెలకు బయల్దేరాం. మొదట రామసముద్రం ముసలాయన ఇంటికి పోయాం. మా ముఖాలు చూసి ఆయన నవ్వాడు.

"అందురూ నాటేటప్పుడు నాటి సెడినాం. ఇప్పుడెవుడూ నాటడం లేదు గదా, అంటే ఈ పంట సేతికొచ్చేటప్పటికి మార్కెట్టులో కాయే ఉండదు. మా ఊర్లో నీళ్ళుండేవోళ్ళకు నేను సెప్తా. నువ్వు మాకు ఊరికే సెప్పినావు ఇన్నాళ్ళూ. ఆ మాత్రం మేం సెప్పలేమా?"

ఆయన చెప్పాడు. ఆ ఊరి నుంచి ఇంకో ఊరికి మాట పోయింది. తడిగుడ్డల్లో నారు చుట్టుకుని మా గుమ్మంలో నిలబడినవాళ్ళే ట్రాక్టర్లతో తోటకొచ్చారు. కొంత నారు ముదిరిపోయింది, పారబోశాం. మిగతాది అమ్ముడుపోయింది. ఆ పంటకు ధర కూడా పలికింది. మాకు ముందూ వెనకా మదనపల్లెలో నారు షెడ్డులు వేసినవాళ్ళున్నారు, మాకంటే పెద్దవి. ఆ ఏడు వాటిలో కొన్ని మూతపడ్డాయి. వాళ్ళకు పని రాక కాదు. ఏ ఇంటికి పోయి అడగాలో వాళ్ళకు తెలియలేదు.

అప్పు తీరి పత్రాలు చేతికొచ్చిన రోజు అవి తీసుకుని పుంగనూరు పోయాను. పెద్దమ్మ వాటిని చూడనైనా చూడకుండా పెట్టెలో పడేసి, "నన్ను ఆ కొండకు తీసుకోనిపో," అంది.

వానలు వెలిసిన రోజులు. కొండ మీద మంచు నేను చిన్నప్పుడు చూసినట్టే ఉంది. ఆ టీ అంగడి అక్కడే ఉంది, ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. పెద్దమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి, గ్లాసు ఆమె అరచేతుల మధ్య పెట్టాను. ఆమె తాగకుండా చాలాసేపు ఆ తెలుపులోకి చూస్తూ ఉంది.

"ఇదేనా నువ్వు సేసుకుంటానన్న ఇల్లు?"

"ఇదే పెద్దమ్మా."

"బాగుండాది మే. సెడ్డదేం కాదు. మనది కాదు, అంతే."

ఆమె టీ ఒక గుక్క తాగింది. తర్వాత, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు, నా వైపు చూడకుండా చెప్పింది.

"నా పెండ్లికి ఇల్లు సూసేకి ఎవురూ పోలేదు. కరువు, బండికి ఎద్దుల్లేవు, అంత దూరం పోయేది యాల అన్నారు. పిల్లోడు బాగుండాడు, సాలు అన్నారు. ఆయన నిజంగానే మంచోడే. ఆ ఊర్లో నీళ్ళు లేవు. రెండు కొండలు దిగి తెచ్చుకోవల్ల. కడుపుతో ఉండి కూడా మోసినా. రెండుసార్లు పోయింది." గ్లాసు బెంచీ మీద పెట్టింది. "మా వాళ్ళల్లో ఒక్క మనిషి పోయి, ఆ ఇంట్లో ఒక లోటా నీళ్ళడిగుంటే సాలు."

నేను ఆమె చేయి పట్టుకున్నాను. బరువులు మోసిన చేయి, ఇంకా గట్టిగానే ఉంది. మంచు మా మీదికి వచ్చి, అంగడి కనబడకుండా పోయింది. కాసేపటికి పెద్దమ్మ లేచి, షెడ్డులో నీళ్ళు కట్టే వేళయ్యింది, పోదాం పద అంది.